పాత బంతి ఎటు వెళుతుంది? తిరుపతి గ్రౌండ్ నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

జనవరి 18

ఈ రోజు నుంచి ఒక్క పని మీదే కూర్చుంటున్నాను. మా గ్రౌండ్‌లో బౌలింగ్ చేసే పిల్లలందరూ పాత బంతి చేతికి రాగానే "అన్నా, రివర్స్ వేస్తా చూడు" అంటారు. బంతి గాలిలో మామూలుగా వంగే వైపుకు కాకుండా ఎదురు వైపుకు వంగడమే రివర్స్ స్వింగ్. ఒక్కోసారి బంతి నిజంగానే బ్యాటర్ వైపు లోపలికి వస్తుంది, ఒక్కోసారి రాదు. ఎందుకు వచ్చిందో, ఎందుకు రాలేదో వేసినవాడికీ తెలియదు, నేర్పే నాకూ తెలియదు. పదేళ్లుగా పిల్లలకు సీమ్, అంటే బంతి మీది కుట్ల వరుస, పట్టుకోవడం నేర్పుతున్నవాణ్ణి ఈ ప్రశ్నకు సమాధానం చెప్పలేకపోవడం నాకు బాధగా ఉంది. అందుకని ఒక కొత్త ఎస్‌జీ ఎర్ర బంతి తీసుకుని, అది పాతబడే వరకు ప్రతి ఆదివారం గమనించి రాసుకోవాలని నిర్ణయించుకున్నాను.

బౌలర్లు ఇద్దరు. ఇద్దరూ కుడిచేతి వాటమే. పొడుగోడు మా గ్రౌండ్‌లో అందరికంటే వేగంగా వేస్తాడు. చిన్నోడు డిగ్రీ రెండో సంవత్సరం, వేగం తక్కువ, కానీ మణికట్టు చాలా బాగుంటుంది. బ్యాటింగ్ చేసేవాళ్లు కూడా కుడిచేతి వాళ్లే ఉండేలా చూసుకున్నాను, లేకపోతే లెక్కలు కలిసిపోతాయి.

నెట్స్‌లో కాకుండా మధ్య పిచ్ మీదే వేయిస్తున్నాను. మ్యాట్ మీద వేస్తే బంతి అన్ని వైపులా ఒకేలా అరుగుతుంది, కుట్లు తొందరగా అణిగిపోతాయి. మధ్యలో ఆడితే అవుట్‌ఫీల్డ్‌లోకి దొర్లుతుంది. మా అవుట్‌ఫీల్డ్‌లో గడ్డి కంటే ఎర్రమట్టి, సన్న గులకరాళ్లే ఎక్కువ. ఫీల్డింగ్ చేసేటప్పుడు మోకాళ్లు గీరుకుపోతాయని తిట్టుకునే నేలే, ఈ పనికి మాత్రం సరిగ్గా సరిపోయింది.

కొలవడం ఎలా అన్నదే ముందు తేల్చుకోవాల్సి వచ్చింది. ఫోన్‌ను స్టాండుకు బిగించి, బౌలర్ వెనకాల, వికెట్లకు సూటిగా పెట్టాను. సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్. వికెట్ల మధ్య దూరం 20.12 మీటర్లు. బౌలర్ క్రీజు దగ్గర బంతి వదులుతాడు కాబట్టి అవతలి వికెట్లకు సుమారు 18.9 మీటర్లు. బ్యాటర్ వికెట్లకు 6 మీటర్ల ముందు సున్నంతో అడ్డగీత గీశాను. ఆ గీత దగ్గర పిచ్ అయిన బంతి గాలిలో 12.9 మీటర్లు ప్రయాణించినట్టు. చెయ్యి వదిలిన ఫ్రేము నుంచి నేలను తాకిన ఫ్రేము వరకు లెక్కపెడితే సగటు వేగం వచ్చేస్తుంది. చిన్నోడి మొదటి మంచి బంతికి 99 ఫ్రేములు పట్టాయి:

12.9 × 240 ÷ 99 × 3.6 = 112.6

అంటే గంటకు 112 కిలోమీటర్ల పైచిలుకు. పొడుగోడికి 86 ఫ్రేములు, అంటే 129.6. ఫ్రేము ఒకటి అటూ ఇటూ అయితే ఒకటిన్నర కిలోమీటరు వరకే తేడా వస్తుంది. బంతి గీతకు అడుగు దూరంలో పడితే రెండు మూడు కిలోమీటర్ల తేడా. అందుకని గీతకు అడుగుకు మించి దూరంగా పడినవి లెక్కలోంచి తీసేస్తున్నాను. బంతి చేతి నుంచి బయటపడ్డప్పటి వేగం ఈ సగటు కంటే కొంచెం ఎక్కువే ఉంటుంది, కానీ నాకు కావలసింది ఇద్దరి మధ్య పోలిక.

ఎంత స్వింగ్ అయిందో కొలవడానికి స్కేలు బంతే. బంతి చుట్టుకొలత నిబంధనల ప్రకారం 22.4 నుంచి 22.9 సెంటీమీటర్లు, అంటే అడ్డంగా 7.2 సెంటీమీటర్లు అనుకోవచ్చు. బంతి మొదట బయలుదేరిన దారిని తెర మీద స్కేలుతో గీత గీసి, పిచ్ అయిన చోట ఆ గీతకు ఎన్ని బంతుల దూరంలో ఉందో చూస్తాను. పిచ్ అయ్యాక జరిగే కదలికను అస్సలు లెక్కలోకి తీసుకోను. నేలను తాకాక కుట్ల వల్ల పక్కకు తిరిగేది స్వింగ్ కాదు, సీమ్ మూమెంట్. ఈ రెంటినీ కలిపేయడం వల్లే సగం గొడవ.

జనవరి 25

కొత్త బంతితో 20 ఓవర్లు పూర్తి. ఇక్కడ ఆశ్చర్యమేమీ లేదు, అందరికీ తెలిసిన మామూలు స్వింగే. సీమ్‌ను మొదటి స్లిప్ వైపు సుమారు 20 డిగ్రీలు తిప్పి, మెరిసే వైపు లెగ్ సైడ్ ఉండేలా వేస్తే బంతి బయటికి వెళుతుంది. ఫైన్ లెగ్ వైపు తిప్పి, మెరిసే వైపు ఆఫ్ సైడ్ ఉంచితే లోపలికి వస్తుంది. చిన్నోడి మంచి అవుట్‌స్వింగర్ పిచ్ అయ్యేలోపు రెండున్నర బంతులు, అంటే 18 సెంటీమీటర్లు జరిగింది.

పొడుగోడిదే ఇబ్బంది. వేగం ఉంది కానీ సీమ్ నిలబడదు. వదిలేటప్పుడు మణికట్టు పక్కకు పడిపోతోంది, బంతి గాలిలో గిలకలా ఊగుతోంది. సీమ్ ఊగితే ఏ వైపు ఏముందన్నది గాలికి లెక్కే ఉండదు. చూపుడు వేలు, మధ్య వేలు సీమ్‌కు రెండు పక్కలా, బొటనవేలు కింద సీమ్ మీద, బంతి చివరిగా తాకేది ఆ రెండు వేళ్ల కొసలనే. అలా వదిలితే బంతి వెనక్కి తిరుగుతూ వెళుతుంది, ఆ తిరుగుడే సీమ్‌ను బొంగరంలా నిలబెడుతుంది.

వాడి కోసం ఒక పనికిరాని పాత బంతికి సీమ్ నుంచి ఒక సగం మొత్తం తెల్ల ఎనామిల్ పూసి ఇచ్చాను. సరిగ్గా వదిలితే ఎరుపు, తెలుపు మధ్య గీత స్పష్టంగా కనిపిస్తుంది. మణికట్టు పడితే మొత్తం గులాబీ రంగు ముద్దలా కనిపిస్తుంది. రోజూ సాయంత్రం గోడకు యాభై బంతులు వేయమన్నాను. ఇది మణికట్టు కోసమే. రంగు పూసిన బంతితో స్వింగ్ కొలవకూడదు, తోలు మీద రంగు వేరే పొర అయిపోతుంది.

ఫిబ్రవరి 1

ఈ రోజు రాయడానికి మనసు రావడం లేదు కానీ రాయాలి. మొదటి బంతి పాడైపోయింది, 34వ ఓవర్లోనే.

తప్పు నాదే. పొద్దున ఆరున్నరకే మొదలుపెట్టాం. కొండ కింద మంచు ఇంకా పోలేదు, అవుట్‌ఫీల్డ్‌లో ఉన్న కాస్త గడ్డీ తడిగా ఉంది. గరుకు వైపు అప్పటికి బాగా తయారవుతోంది. మొదట గీత పడిన వైపునే గరుకు వైపుగా వదిలేసి, రెండో వైపు తుడుస్తూ వచ్చాం. ఆ గరుకు వైపున తోలు మీద సన్నటి పొట్టు లేచి, వేలితో రాస్తే సున్నం గోడలా తగిలేది. బౌండరీ దగ్గర రెండుసార్లు తడి గడ్డిలో పడింది. తెచ్చినవాడు మంచి మనసుతోనే తన చొక్కాకు రెండు వైపులా తుడిచాడు. ఆ తర్వాత ఒకడు చెమట చేతులతో పట్టుకుని విసిరాడు. పది బంతుల్లో ఆ పొట్టు మొత్తం అణిగిపోయింది. మట్టి, చెమట కలిసి గుంటల్లో పేరుకుని, గరుకు వైపు కూడా మెత్తగా, మందంగా మెరవడం మొదలుపెట్టింది. రెండు వైపులా ఇంచుమించు ఒకటే అయిపోయాయి. ఇద్దరు బౌలర్లతో చెరి రెండు ఓవర్లు వేయించి చూశాను. తెర మీద గీత పక్కనే బంతి వెళుతోంది, ఎటూ జరగడం లేదు.

ఒకప్పుడు జిల్లాకు ఆడి, ఇప్పుడు అంపైరింగ్ చేసే పెద్దాయన రోజూ వాకింగ్‌కు వస్తారు. బంతిని చేతిలోకి తీసుకుని, బొటనవేలితో రెండు వైపులా రాసి చూసి, "ఒక వైపు తడిస్తే బరువెక్కి స్వింగ్ అవుద్దని ఎవురో చెప్పుంటారు మీకు. అది నమ్మొద్దు నాయనా. తడిస్తే గరుకు పోతుంది, అంతే. మా రోజుల్లో చెయ్యి తడిగా ఉన్నోడు బంతి ముట్టకూడదు" అన్నారు. ఆ మాట నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను.

ఫిబ్రవరి 15

రెండో బంతి. ఈసారి నియమాలు పెట్టాను. ఎనిమిదిన్నరకు ముందు మొదలుపెట్టం, నేల ఆరాలి. మెరిసే వైపు తుడిచే బాధ్యత ఒక్కడిది, మిడాఫ్‌లో ఉండే కుర్రాడిది. మిగతావాళ్లు బంతిని సీమ్ అడ్డంగా, వేళ్ల కొసలతో పట్టుకుని వాడికి అందించాలి. చెమట వేలి కొసకు ఒక చుక్క, అది మెరిసే వైపు నడిమధ్యలో మాత్రమే. కుట్ల దగ్గరికి వస్తే చెమట అటు వైపు పాకుతుంది. తర్వాత ప్యాంటుకు గట్టిగా, ఒకే చోట వేడి పుట్టేదాకా రుద్దాలి. ఉమ్మి వద్దన్నాను. 2020లో కోవిడ్ అప్పుడు ఐసీసీ తాత్కాలికంగా ఆపి, 2022 అక్టోబరు నుంచి శాశ్వతంగా నిషేధించింది. ఐపీఎల్‌లో 2025లో మళ్లీ అనుమతించారు కానీ పిల్లలకు ఒకే అలవాటు ఉండడం మంచిది.

ఒక కుర్రాడు జేబులోంచి గరుకు కాగితం ముక్క తీశాడు. "ప్రాక్టీసే కదన్నా, పది నిమిషాల్లో నలభై ఓవర్ల బంతి అయిపోతుంది." వాడి ఆలోచన నాకు అర్థమైంది, కానీ ఒప్పుకోలేదు. 2018 మార్చిలో కేప్‌టౌన్ టెస్టులో ఆస్ట్రేలియా వాళ్లు చేసింది ఇదే. స్మిత్, వార్నర్‌లకు ఏడాది, బాన్‌క్రాఫ్ట్‌కు తొమ్మిది నెలలు నిషేధం పడింది. నీతి సంగతి పక్కన పెట్టినా, నా ప్రాజెక్టుకు అది పనికిరాదు. మ్యాచ్‌లో దొరికే బంతి ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకుంటూ, మ్యాచ్‌లో ఎప్పుడూ దొరకని బంతిని తయారుచేసుకుంటే ఏం తెలుస్తుంది?

మార్చి 1

38 ఓవర్లు. బంతి చూడముచ్చటగా ఉంది. ఒక వైపు ముదురు ఎరుపులో అద్దంలా కాకపోయినా నున్నగా ఉంది. రెండో వైపు ఎండిన చెరువు అడుగులా పగుళ్లు, లేచిన పొట్టు, రంగు వెలిసి గోధుమ రంగు. కుట్లు ఇంకా నిలబడే ఉన్నాయి. ఎస్‌జీ బంతి చేతికుట్టు, సీమ్ ఎక్కువ కాలం నిలుస్తుంది. ఎండలు మొదలయ్యాయి, పొద్దున తొమ్మిదికే నేల గట్టిగా, పొడిగా ఉంది.

చిన్నోడు వేసిన రెండో ఓవర్ నాలుగో బంతి. మిడిల్ స్టంప్ మీద నుంచి లోపలికి వంగి, బ్యాటర్ ప్యాడ్ల మీద పడింది. "రివర్స్! రివర్సన్నా!" అని చిన్నోడు రెండు చేతులు పైకెత్తి నా వైపు పరుగెత్తాడు. నాకూ ఒళ్లు పులకరించింది. తర్వాతి రెండు బంతులు కూడా అలాగే వచ్చాయి.

ఇంటికొచ్చి వీడియో ఫ్రేము ఫ్రేముగా చూశాను. మూడు బంతులూ 97, 99, 98 ఫ్రేములు. అంటే 112 నుంచి 115 మధ్య. సీమ్ దాదాపు నిటారుగా, స్లిప్ వైపూ కాదు, ఫైన్ లెగ్ వైపూ కాదు. ఇప్పుడు ఏ వైపు ఏముందో చూశాను. వెనకనుంచి చూస్తే ఎడమ పక్క ఆఫ్ సైడ్, కుడి పక్క లెగ్ సైడ్. ఎడమ పక్క మెరుస్తోంది. గరుకు వైపు కుడి పక్కన ఉంది. బంతి కుడి పక్కకు వెళ్లింది.

అంటే గరుకు వైపుకు వెళ్లింది.

కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. రివర్స్ అయితే బంతి మెరిసే వైపుకు వెళ్లాలి. ఇది గరుకు వైపుకు పోయింది. కొత్త బంతితో మామూలు ఇన్‌స్వింగర్ వేసేటప్పుడు కూడా మెరిసే వైపు ఆఫ్ సైడే ఉంటుంది, బంతి అవతలి వైపుకే వెళుతుంది. చిన్నోడు వేసింది అదే, కాకపోతే సీమ్ నిటారుగా ఉంది, బంతి పాతది. పాత బంతి లోపలికి వచ్చింది కాబట్టి అందరం రివర్స్ అనుకున్నాం. దీనికి కాంట్రాస్ట్ స్వింగ్ అని వేరే పేరుంది. సీమ్ చేయాల్సిన పనిని రెండు వైపుల మధ్య ఉన్న తేడా చేస్తుంది.

మార్చి 2

రాత్రంతా ఇదే ఆలోచన. ఎందుకిలా అన్నది పిల్లలకు బొమ్మ గీసి చెప్పాను, ఇక్కడ కూడా రాసిపెట్టుకుంటున్నాను.

బంతి వెళుతుంటే దాని ఒంటికి అంటుకుని ఒక పలుచటి గాలి పొర ఉంటుంది. ఆ పొర బంతి చుట్టూ కొంత దూరం వెళ్లి, వెనకాల ఎక్కడో విడిపోతుంది. ఒక పక్క పొర ఎక్కువ దూరం అంటుకుని ఉండి, రెండో పక్క ముందే విడిపోతే, బంతి వెనక వదిలే గాలి ఒక పక్కకు మళ్లుతుంది, బంతి దానికి ఎదురు పక్కకు జరుగుతుంది. ఎక్కువ దూరం అంటుకున్న పక్కకే బంతి వెళుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు.

మరి ఏ పక్క ఎక్కువ దూరం అంటుకుంటుంది? వేగం తక్కువగా ఉన్నప్పుడు నున్నటి పక్క గాలి పొర నూనె జారినట్టు సాఫీగా ఉంటుంది. సాఫీ పొర బలహీనం, తొందరగా విడిపోతుంది. సీమ్ గానీ గరుకు గానీ తగిలిన పక్క పొర చెదిరి, కలగలిసి, గట్టిగా అంటుకుంటుంది. అందుకే బంతి సీమ్ చూపిన వైపుకు, గరుకు వైపుకు వెళుతుంది. ఇది మామూలు స్వింగ్, చిన్నోడి పాత బంతి కూడా ఇదే.

వేగం పెరిగితే నున్నటి పక్క పొర కూడా తనంతట తానే చెదిరిపోతుంది. ఇప్పుడు రెండు పక్కలా చెదిరిన పొరలే. గరుకు వైపు పొర ముందే చెదిరి, రాళ్ల మీద పారిన నీళ్లలా అలిసి, మందమై, తొందరగా విడిపోతుంది. నున్నటి వైపు పొర పలుచగా ఉండి ఎక్కువ దూరం అంటుకుంటుంది. బంతి నున్నటి వైపుకు వెళుతుంది. తిరగబడింది కాబట్టే రివర్స్.

అంటే చేతి పట్టులో రహస్యమేమీ లేదు. అదే బంతి, అదే సీమ్, అదే మెరుపు. ఒక వేగం దాటితే అటు, దాటకపోతే ఇటు. మరీ వేగంగా వేసేవాళ్లకు కొత్త బంతి కూడా తిరగబడగలదు. బంతి పాతబడే కొద్దీ ఆ వేగం గీత కిందికి దిగుతుంది. 1979లో మెల్‌బోర్న్‌లో సర్ఫరాజ్ నవాజ్ 33 బంతుల్లో ఒక్క పరుగిచ్చి ఏడు వికెట్లు తీసిన స్పెల్ గురించి పాకిస్తాన్ వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత ఇమ్రాన్, వసీం, వకార్ చేతుల్లో ఇది ఒక విద్య అయింది. కానీ మా బంతికి ఆ గీత ఎక్కడుందో మేమే వెతకాలి.

మార్చి 15

రెండో బంతి, 44వ ఓవర్. ఈ ఒక్క ఉదయం కోసమే రెండు నెలలు పని చేశామనిపించింది.

పొడుగోడి మణికట్టు ఇప్పుడు నిలబడుతోంది, తెల్ల రంగు బంతి పని చేసింది. వాడికి ఒక్కటే చెప్పాను. సీమ్ స్లిప్ వైపు కొంచెం, పది డిగ్రీలు చాలు. మెరిసే వైపు లెగ్ సైడ్. అంటే కొత్త బంతితో అవుట్‌స్వింగర్‌కు పట్టే పట్టే. ముందు మూడొంతుల వేగంతో వెయ్యి, తర్వాత పూర్తిగా వెయ్యి. పట్టు మార్చొద్దు.

మూడొంతుల వేగంతో ఆరు బంతులు. గీత దగ్గర పడినవి నాలుగు. 98 నుంచి 101 ఫ్రేములు. నాలుగూ బయటికే వెళ్లాయి, ఒకటిన్నర బంతి నుంచి రెండు బంతుల దూరం.

కొంచెం పెంచమన్నాను. 93 ఫ్రేముల దగ్గర, అంటే 120 కిలోమీటర్ల దగ్గర మూడు బంతులు గీత మీద పడ్డాయి. ఎటూ కదల్లేదు. వాడు నా వైపు చూసి, "పోయిందన్నా, బంతి అయిపోయింది" అన్నాడు. "అయిపోలేదు, నువ్వు ఆ వేగం గీత మీద నిలబడ్డావు. వెయ్యి" అన్నాను.

రన్నప్ చివర్లో వాడి బూట్ల చప్పుడు మారింది. 86 ఫ్రేములు. బంతి ఆఫ్ స్టంప్ బయట నుంచి బయలుదేరింది, బ్యాటర్ వదిలేయడానికి బ్యాటు పైకెత్తాడు, అది ఆఫ్ స్టంప్ మీదికి వచ్చి తగిలింది. గ్రౌండ్‌లో రెండు సెకన్లు ఎవరూ మాట్లాడలేదు. పెద్దాయన వాకింగ్ ఆపేసి బౌండరీ దగ్గర నిలబడిపోయారు.

వీడియోలో సీమ్ స్లిప్ వైపే చూస్తోంది. మెరిసే వైపు కుడి పక్కనే ఉంది. బంతి కుడి పక్కకు, అంటే సీమ్‌కు ఎదురుగా, మెరిసే వైపుకు రెండు బంతులు జరిగింది. పూర్తి వేగంతో వేసిన ఎనిమిదింట్లో గీత దగ్గర పడినవి ఐదు, అందులో నాలుగు ఇలాగే వచ్చాయి. ఐదోదానికి సీమ్ ఊగింది, బంతి తిన్నగా వెళ్లింది.

బ్యాటర్ ఒక మాట అన్నాడు. "చివర్లో ఒక్కసారిగా తిరిగిందన్నా, అప్పటిదాకా తిన్నగానే ఉంది." ఇది చాలామంది చెప్పేదే. కానీ ఫ్రేములు లెక్కపెట్టి చూస్తే అలా లేదు. పక్కకు నెట్టే బలం మొదటి నుంచీ ఉంది. బలం ఒకేలా ఉంటే పక్కకు జరిగే దూరం సమయం వర్గంతో పెరుగుతుంది. సగం సమయానికి మొత్తం జరుగుడులో నాలుగో వంతే కనిపిస్తుంది, మిగతా మూడొంతులు రెండో సగంలో. రెండు బంతుల దూరం, అంటే 14 సెంటీమీటర్లు జరిగిందనుకుంటే, సగం దారిలో కనిపించేది మూడున్నర సెంటీమీటర్లే, బంతి వెడల్పులో సగం. బ్యాటర్ కన్ను దాన్ని పట్టుకోలేదు. మిగతా పదిన్నర సెంటీమీటర్లు వాడు కాలు వేసేశాక జరుగుతుంది. రివర్స్ మామూలుగా వేగంగా వేసేవాళ్ల చేతి నుంచే వస్తుంది కాబట్టి సర్దుకోవడానికి టైమ్ ఇంకా తక్కువ.

మార్చి 22

చిన్నోడు వారం రోజులు డల్‌గా ఉన్నాడు. వాడి దగ్గర 130 లేదు, త్వరలో రాదు కూడా. "అయితే నాకు పాత బంతి ఎందుకన్నా?" అని అడిగాడు.

వాడికి వాడి వీడియోనే మళ్లీ చూపించాను. 113 కిలోమీటర్ల వేగంతో, 38 ఓవర్ల బంతితో, సీమ్ నిటారుగా పెట్టి రెండు బంతుల దూరం లోపలికి తెచ్చాడు. పేరు రివర్స్ కాకపోవచ్చు, బ్యాటర్ ప్యాడ్ మీద మాత్రం తగిలింది. వాడు చేయాల్సింది పొడుగోడిని చూసి నేర్చుకోవడం కాదు. పొడుగోడు లోపలికి తేవాలంటే మెరుపు లెగ్ సైడ్ పెడతాడు. చిన్నోడు లోపలికి తేవాలంటే మెరుపు ఆఫ్ సైడ్ పెట్టాలి. ఇద్దరి చేతిలో ఒకే బంతి, పట్టు ఒకరికొకరు తలకిందులు. ఇన్నాళ్లూ నేను అందరికీ "రివర్స్‌కు మెరుపు ఇటు పెట్టు" అని ఒకే మాట చెప్పేవాణ్ణి. 115 వేసేవాడు ఆ మాట విని వేస్తే బంతి బయటికి పోయింది, వాడు తన చేతిలో లోపముందనుకున్నాడు. అది వాడి లోపం కాదు.

ఈ ఉదయం చిన్నోడు రెండు వైపులా వేశాడు. సీమ్ కదపకుండా, బంతిని తిప్పి పట్టుకోవడమే. గరుకు కుడి పక్క పెడితే లోపలికి, ఎడమ పక్క పెడితే బయటికి. గీత దగ్గర పడిన తొమ్మిదింట్లో ఏడు చెప్పిన వైపుకు వెళ్లాయి. పరుగెత్తుకొచ్చేటప్పుడు ఎడమ చేత్తో బంతిని కప్పమన్నాను. మెరుపు ఎటుందో బ్యాటర్ చూస్తే బంతి ఎటెళుతుందో ముందే తెలిసిపోతుంది.

మార్చి 29

ప్రాక్టీస్ మ్యాచ్, రేణిగుంట వైపు నుంచి వచ్చిన జట్టుతో. 52వ ఓవర్ దగ్గర బంతి పని మానేసింది. కుట్లు అణిగిపోయి బొటనవేలికి తగలడం లేదు, సీమ్ నిలబడక గాలిలో ఊగుతోంది. మెరిసే వైపున కూడా ఒక పెద్ద కోత పడింది, సిమెంటు గట్టుకు తగిలినట్టుంది. పొడుగోడు 128 దగ్గర వేసినా ఇటూ అటూ కాకుండా తిన్నగా వెళ్లింది. అంతకుముందు, 47వ ఓవర్లో, చిన్నోడు ఒక ఎల్‌బీ తీశాడు. మెరుపు ఆఫ్ సైడ్, 112 కిలోమీటర్లు.

బంతిని కత్తితో సగానికి కోసి, రెండు సగాలూ షెల్ఫ్‌లో పక్కపక్కన పెట్టాను. ఒక సగం మీద వేలు జారుతుంది, రెండోదాని మీద ఆగిపోతుంది. పిల్లలు వచ్చినప్పుడు కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పమంటున్నాను.

మూడో బంతి వచ్చే ఆదివారం మొదలవుతుంది. ఈసారి ఎడమచేతి బౌలర్ ఒకడు చేరుతున్నాడు. 120 దగ్గర వేస్తాడు, సరిగ్గా బంతి ఎటూ కదలని ఆ గీత మీద. వాడికి వేగం తగ్గించుకోమనాలా, పెంచుకోమనాలా అన్నది మొదట తేల్చాలి.